మూడు లక్షలు ముందే కట్టాక: గడువు తగ్గించాలా, వాయిదా తగ్గించాలా?

ఇంటి అప్పు మీద కొంత సొమ్ము ముందే కట్టడానికి బ్యాంకుకి వెళ్తే కౌంటర్ దగ్గర ఒక ప్రశ్న ఎదురవుతుంది: "టెన్యూర్ తగ్గించమంటారా, ఈఎమ్ఐ తగ్గించమంటారా?" చాలామంది ఆ ప్రశ్నకు సిద్ధపడి వెళ్లరు. "ఏది లాభమైతే అది చెయ్యండి సార్" అనేస్తారు. గడువు తగ్గిస్తేనే లాభమని అటునుంచి జవాబు వస్తుంది. ఆ జవాబు తప్పు కాదు. కానీ ఆ లాభం ఎక్కడినుంచి వస్తుందో తెలియకుండా దాన్ని ఒప్పుకుంటే, కొన్ని ఇళ్లకు అదే ఇబ్బందిగా మారుతుంది.

విజయనగరంలో ఫ్లాట్ కొనుక్కున్న ఒక స్కూల్ అసిస్టెంట్‌ని ఉదాహరణగా తీసుకుందాం. అప్పు 25 లక్షలు, వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు. నెలకు ఈఎమ్ఐ 21,696 రూపాయలు. అయిదేళ్లు ఒక్క వాయిదా కూడా తప్పకుండా కట్టారు. అంటే 60 వాయిదాల్లో దాదాపు 13 లక్షలు కట్టేశారు. అయినా బాకీ ఇంకా 22,03,180 రూపాయలు ఉంది. అసలులో తరిగింది మూడు లక్షల కన్నా తక్కువే. ఇప్పుడు చీటీ పూర్తయి మూడు లక్షలు చేతికొచ్చాయి. అవి అప్పులో జమ చేస్తే బాకీ 19,03,180కి దిగుతుంది. ఇక్కడిదాకా రెండు దారులూ ఒకటే, తేడా ఇక్కడినుంచే మొదలవుతుంది.

మొదటి దారిలో ఈఎమ్ఐ పాత 21,696గానే ఉంటుంది, గడువు తగ్గుతుంది. మిగిలిన 180 నెలల బదులు 138 నెలల్లో అప్పు తీరిపోతుంది. ఆఖరి వాయిదా మామూలు కన్నా చిన్నది. రెండో దారిలో గడువు 180 నెలలుగానే ఉంటుంది, ఈఎమ్ఐ 18,741కి తగ్గుతుంది. నెలకు 2,954 రూపాయలు చేతిలో మిగులుతాయి.

వడ్డీ సంగతి చూద్దాం. మూడు లక్షలు అసలు కట్టకపోతే మిగిలిన 15 ఏళ్లలో వడ్డీ కిందే 17.02 లక్షలు పోతాయి. ఈఎమ్ఐ తగ్గించుకుంటే ఆ వడ్డీ 14.70 లక్షలవుతుంది, అంటే 2.32 లక్షలు మిగులుతాయి. గడువు తగ్గించుకుంటే 10.82 లక్షలే అవుతుంది, మిగులు 6.20 లక్షలు. రెండు దారుల మధ్య తేడా 3.88 లక్షలు. ఈ ఒక్క అంకె చూపించే గడువు తగ్గించుకోవడమే మేలని అందరూ చెబుతారు.

ఆ 3.88 లక్షలు బ్యాంకు ఉదారంగా వదిలేసిన సొమ్ము కాదు. కట్టిన మూడు లక్షల వల్ల మాత్రమే వచ్చింది కూడా కాదు, ఎందుకంటే మూడు లక్షలు రెండు దారుల్లోనూ కట్టారు. మన ప్రాంతంలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని లెక్కేసే అలవాటు ఉంది కాబట్టి ఆ భాషలోనే చూద్దాం. సాలుకు 8.5 శాతం అంటే నూటికి నెలకు సుమారు 71 పైసలు. 19,03,180 మీద ఒక నెల వడ్డీ 13,481 రూపాయలు. ఇదీ రెండు దారుల్లోనూ సమానమే. గడువు తగ్గించుకున్నవారు 21,696 కడతారు కాబట్టి వడ్డీ పోగా 8,215 రూపాయలు అసలుకు చేరతాయి. ఈఎమ్ఐ తగ్గించుకున్నవారు 18,741 కడతారు కాబట్టి అసలుకు చేరేది 5,260 మాత్రమే. మూడు లక్షలు కట్టకముందు, అంటే 22 లక్షల బాకీ ఉన్నప్పుడు, అసలుకు 6,090 చేరేది. అంటే ఈఎమ్ఐ తగ్గించుకున్నాక అసలు తరిగే వేగం మునుపటి కన్నా కూడా తగ్గింది. ఈ సంగతి చాలామంది గమనించరు.

కాబట్టి గడువు తగ్గించుకోవడం అంటే నెలనెలా మరో 2,954 రూపాయలు ముందస్తుగా కట్టడమే. ఆ సొమ్ము మీద 71 పైసల చొప్పున వడ్డీ ఆదా అవుతుంది, ఆ ఆదా మీద మళ్లీ ఆదా అవుతుంది. పదకొండున్నర ఏళ్లలో అలా అదనంగా కట్టింది 4.06 లక్షలు. దానికి బదులుగా చివర్లో 42 నెలలకు పైగా 18,741 చొప్పున కట్టాల్సిన 7.95 లక్షలు తప్పిపోతాయి. 7.95లోంచి 4.06 తీస్తే దాదాపు అదే 3.88 లక్షలు. లాభం నిజమే, కానీ అది నెలనెలా జేబులోంచి పెట్టిన సొమ్ము మీద వచ్చిన లాభం.

అయితే ఈఎమ్ఐ తగ్గించుకుని, మిగిలిన 2,954నీ ఎక్కడైనా దాచుకుంటే? ఆ ప్రశ్నకూ లెక్క ఉంది. గడువు తగ్గించుకున్నవారి అప్పు తీరే నాటికి, ఈఎమ్ఐ తగ్గించుకున్నవారికి ఇంకా 6.84 లక్షల బాకీ ఉంటుంది. ఈలోగా వారు నెలకు 2,954 చొప్పున రికరింగ్ డిపాజిట్ కడుతూ వచ్చారనీ, దాని మీద 6.5 శాతం వచ్చిందనీ అనుకుంటే, చేతిలో ఉండేది ఉజ్జాయింపుగా 6 లక్షలు. అంటే 80 వేలకు పైగా తక్కువ. డిపాజిట్ వడ్డీ మీద పన్ను పడితే ఇంకా తగ్గుతుంది. ఆ రెండూ సమానం కావాలంటే దాచిన సొమ్ము మీద పన్ను పోను 8.5 శాతం రావాలి, అదీ ఏ నెలా తప్పకుండా దాచాలి. భయం లేకుండా అంత రాబడి వచ్చే చోటు సామాన్య కుటుంబానికి దొరకడం కష్టం. పాత పన్ను విధానంలో ఉండి ఇంటి వడ్డీకి మినహాయింపు పొందుతున్నవారికి మాత్రం అప్పు అసలు ఖరీదు 8.5 కన్నా తక్కువ పడుతుంది కాబట్టి తేడా కొంత కుదించుకుపోతుంది. కొత్త విధానంలో, సొంతంగా ఉంటున్న ఇంటి వడ్డీకి మినహాయింపు లేదు.

ఉదాహరణలోని టీచర్ వయసు 48 అనుకుందాం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగులకు రిటైర్మెంట్ వయసు 62. ఈఎమ్ఐ తగ్గించుకుంటే అప్పు 63వ ఏట తీరుతుంది, అంటే జీతం ఆగిపోయాక ఏడాదిపాటు పింఛన్లోంచి 18,741 కట్టాలి. గడువు తగ్గించుకుంటే యాభై తొమ్మిదిన్నరకే తీరిపోతుంది. జీతం ఒకటో తారీఖు తర్వాత కచ్చితంగా పడుతుంది, 21,696 కట్టడం అయిదేళ్లుగా అలవాటైంది. ఇలాంటి ఇంటికి రెండో ఆలోచన అక్కర్లేదు, గడువే తగ్గించుకోవాలి. నెలకు 2,954 మిగిలితే అది పండగ ఖర్చుల్లోనో ఫోన్ వాయిదాల్లోనో కలిసిపోతుంది గానీ, రికరింగ్ డిపాజిట్‌గా మిగలడం అరుదు.

వడ్డీ రేటు మారడం ఇంకో సంగతి. ఇంటి అప్పుల్లో ఎక్కువ భాగం ఫ్లోటింగ్ రేటువే. 2022 మేలో రిజర్వ్ బ్యాంకు, బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద తీసుకునే వడ్డీని, అంటే రెపో రేటును, 4 నుంచి 4.4 శాతానికి పెంచింది, 2023 ఫిబ్రవరి నాటికి అది 6.5 అయింది. ఆ తొమ్మిది నెలల్లో చాలామందికి ఈఎమ్ఐ అలాగే ఉండి, గడువు మాత్రం చెప్పాపెట్టకుండా పెరిగిపోయింది. మన ఉదాహరణలో మూడు లక్షలు కట్టిన వెంటనే రేటు 8.5 నుంచి 9.5కి పెరిగిందనుకుందాం. ఈఎమ్ఐ 21,696గా ఉన్నవారికి 138 నెలలు 151 అవుతాయి, 13 నెలలు పెరుగుతాయి. 18,741 కడుతున్నవారు ఈఎమ్ఐ పెంచుకోకపోతే 180 నెలలు 207 అవుతాయి, 27 నెలలు. గడువు పెరగకూడదంటే ఈఎమ్ఐని 19,873కి పెంచుకోవాలి. చిన్న వాయిదాలో వడ్డీ వాటా ఎక్కువ, అసలు వాటా తక్కువ, అందుకే రేటు కాస్త పెరిగినా ముందు దెబ్బ తినేది అసలు వాటాయే. 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం రేటు పెరిగి కొత్తగా నిర్ణయించేటప్పుడు ఈఎమ్ఐ పెంచాలా, గడువు పెంచాలా, రెండూ కొంచెం కొంచెమా అనేది ఎంచుకునే అవకాశం అప్పు తీసుకున్నవారికి ఇవ్వాలి. అడగనివారికి ఇప్పటికీ చాలాచోట్ల గడువే పెరుగుతోంది.

ఇదే అప్పును ఇప్పుడు పలాస వైపు తీసుకెళ్దాం. ఇల్లు కాశీబుగ్గలో, ఆదాయంలో పెద్ద భాగం ఉద్దానంలోని జీడితోట, కొబ్బరి చెట్ల నుంచి. మిగతా ఏడాదంతా చిన్న వ్యాపారం. అంకెలు అవే: 19,03,180 బాకీ, 180 నెలలు. తేడా అల్లా ఇక్కడ ఒకటో తారీఖు జీతం లేదు. జీడి పిక్కల సొమ్ము వేసవిలో వస్తుంది, వానాకాలంలో చేతులు ఖాళీ అవుతాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో ఏళ్ల తరబడి పెంచిన జీడి, కొబ్బరి తోటలు రాత్రికి రాత్రే నేలకూలాయి. మళ్లీ నాటిన మొక్క కాపుకు రావాలంటే సంవత్సరాలు పడుతుంది. అలాంటి ఇంటికి నెలకు 21,696 తప్పనిసరి బాధ్యతా, 18,741 తప్పనిసరి బాధ్యతా ఒకటి కావు.

గడువు తగ్గించుకుని తర్వాత కష్టం వచ్చి "ఈఎమ్ఐ తగ్గించండి" అని వెళ్తే, అది మన ఇష్టం కాదు, బ్యాంకు ఒప్పుకోవాలి. ఆర్థిక ఇబ్బంది వల్ల వాయిదా తగ్గించమని కోరితే అది అప్పు పునర్వ్యవస్థీకరణ కింద నమోదై, క్రెడిట్ రిపోర్టులో కనిపించే ప్రమాదం ఉంది. ఈఎమ్ఐ తగ్గించుకున్నవారు ఎక్కువ కట్టాలనుకుంటే మాత్రం ఆపేవారు లేరు. వ్యాపారం కోసం కాకుండా వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు అప్పుల మీద ముందస్తు చెల్లింపు రుసుము వసూలు చేయకూడదు. వెళ్లే దారి ఒకవైపే సులువు అన్నమాట: తక్కువ వాయిదా నుంచి ఎక్కువ కట్టడం తేలిక, ఎక్కువ వాయిదా నుంచి కిందికి దిగడం కష్టం.

అందుకే ఈ ఇంటికి సరిపడేది వేరే పద్ధతి. ఈఎమ్ఐని 18,741కి తగ్గించుకోవాలి. తగ్గిన 2,954ని నెలనెలా కట్టకుండా, జీడి పిక్కల సొమ్ము చేతికొచ్చినప్పుడు ఏడాదికొకసారి 36,000 అసలులో జమ చెయ్యాలి. పన్నెండు నెలలకొకసారి అలా కడుతూ పోతే అప్పు 140 నెలల్లో తీరుతుంది. గడువు తగ్గించుకుంటే 138 నెలలు కదా, తేడా రెండు నెలలు. ఆ రెండు నెలలూ, ఇబ్బంది వచ్చిన ఏడాది చెల్లింపు మానేసే హక్కు కోసం పెట్టిన ఖర్చు. మూడో ఏడాది తోట దెబ్బతిని ఆ ఒక్కసారి 36,000 కట్టలేకపోయారనుకుందాం. అప్పు 144 నెలల్లో తీరుతుంది. బ్యాంకుకి ఉత్తరం రాయక్కర్లేదు, ఒక్క వాయిదా తప్పినట్టూ కాదు. 180తో పోలిస్తే ఇంకా మూడేళ్ల ముందే తీరిపోయింది.

ఈ పద్ధతికి ఒక్కటే షరతు, ఆ 36,000 నిజంగా కట్టాలి. పిక్కల సొమ్ము వచ్చిన వారంలోనే కట్టే ఇల్లయితే ఇదే మంచిది. ప్రతి ఏడూ ఏదో ఒక శుభకార్యం అడ్డొచ్చే ఇల్లయితే 14.70 లక్షల వడ్డీ లెక్కకే చేరుకుంటారు. అలాంటివారు ఆదాయం ఎగుడుదిగుడుగా ఉన్నా గడువు తగ్గించుకుని, ఆరు నెలల వాయిదాలకు సరిపడా సొమ్ము విడిగా ఉంచుకోవడం నయం. అంటే ఆ మూడు లక్షల్లోంచి లక్షా ముప్పై వేలు పక్కన పెట్టి, మిగిలిందే అప్పులో కట్టాలి. పైన చెప్పిన లాభం ఆ మేరకు తగ్గుతుంది, కానీ అప్పు మాత్రం వాయిదా తప్పకుండా నడుస్తుంది.

ఇంకొక మాట. ఇంట్లో నూటికి రెండు రూపాయల చేబదులు ఏదైనా ఉంటే, 71 పైసల అప్పు తీర్చడానికి తొందరపడటం తప్పు. ముందు ఆ రెండు రూపాయలది తీర్చాలి. ఈ ప్రశ్నంతా ఆ తర్వాతే.

ఏ దారి ఎంచుకున్నా ఎంతవుతుందో బ్యాంకు చెప్పేదాకా ఆగక్కర్లేదు. కంప్యూటర్‌లో ఎక్సెల్ ఉంటే ఈ రెండు వరుసలు చాలు. మొదటిది ఎన్ని నెలలు పడుతుందో, రెండోది ఈఎమ్ఐ ఎంతవుతుందో చెబుతుంది:

```
=NPER(8.5%/12,-21696,1903180)
=PMT(8.5%/12,180,-1903180)
```

మొదటిదానికి 137.6 అని వస్తుంది, అంటే 137 పూర్తి వాయిదాలు, 138వది చిన్నది. రెండోదానికి 18,741 వస్తుంది. రేటూ, ఈఎమ్ఐ, బాకీ మీ స్టేట్‌మెంట్‌లో ఉన్నవి పెట్టుకుంటే మీ లెక్క తేలుతుంది.

బ్యాంకులో నోటిమాటతో వదిలెయ్యకూడదు. "ఈ 3,00,000 రూపాయలు అసలు బాకీలో జమ చేసి, ఈఎమ్ఐ 21,696గానే ఉంచి గడువు తగ్గించవలసింది" అనో, "గడువు మార్చకుండా ఈఎమ్ఐ తగ్గించవలసింది" అనో ఒక్క వాక్యం రాసి, దాని మీద తారీఖుతో బ్యాంకు ముద్ర వేయించుకోవాలి. ఫోన్ యాప్‌లో కట్టేటప్పుడు ఈ ప్రశ్న అడగకుండానే సొమ్ము తీసుకునేవి ఉన్నాయి. అప్పుడు ఆ బ్యాంకు అలవాటు ఏదైతే అదే జరుగుతుంది. చాలాచోట్ల ఆ అలవాటు గడువు తగ్గించడమే. కాబట్టి ఈఎమ్ఐ తగ్గాలనుకున్న పలాస ఇంటివారు యాప్‌లో కట్టి ఊరుకోకూడదు.

తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. కొన్నిసార్లు ఆ మూడు లక్షలు అసలులో జమ కాకుండా, రాబోయే వాయిదాలకు అడ్వాన్స్‌గా అప్పు ఖాతాలో ఉండిపోతాయి. కొన్నిసార్లు అడిగింది ఒకటి, చేసింది ఇంకొకటి అవుతుంది. దీన్ని కనిపెట్టడం తేలిక. వచ్చే నెల వాయిదా పడ్డాక స్టేట్‌మెంట్‌లో వడ్డీ కింద ఎంత, అసలు కింద ఎంత అని చూడాలి. వడ్డీ 13,481కి దగ్గరగా ఉంటే సొమ్ము అసలుకే చేరింది. రోజువారీ లెక్క కాబట్టి నెలలో రోజులను బట్టి కొంత అటూ ఇటూ అవుతుంది. ఇంకా 15,600 దగ్గరే కనిపిస్తే మూడు లక్షలు ఎక్కడో ఆగిపోయాయి. వడ్డీ సరిగ్గా ఉంటే అసలు వాటా చూడాలి. 8,200 దగ్గర ఉంటే గడువు తగ్గింది, 5,300 దగ్గర ఉంటే ఈఎమ్ఐ తగ్గింది. ఈ రెండు అంకెల్లో ఏదీ లేకపోతే కొత్త వాయిదాల పట్టిక అడిగి తీసుకోవాలి, రేటో గడువో మధ్యలో మారి ఉంటుంది.

మొదటి నెలలోనే పట్టుకుంటే బ్యాంకు ఆ తారీఖునుంచే సవరించడం తేలిక. ఏడాది తర్వాత గమనిస్తే వడ్డీ తిరిగి లెక్కకట్టించడానికి చాలాసార్లు తిరగాలి. శాఖలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చిన 30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు సరిగా లేకపోతే, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు పెట్టొచ్చు. ముద్ర వేయించుకున్న ఆ కాగితం కాపీ దానికి జత చెయ్యాలి.